బోనస్ కడితే కిస్తీ తగ్గాలా, గడువు తగ్గాలా?

ఇంటి అప్పు తీసుకున్న ఏడాదికి బ్యాంకు పంపే స్టేట్‌మెంట్ చూసి చాలామంది దిగులుపడతారు. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు 34,713 రూపాయల ఈఎంఐ. పన్నెండు నెలలూ తప్పకుండా కడితే బ్యాంకుకు చేరింది దాదాపు 4 లక్షల 17 వేలు. అందులో అసలుకు జమ అయింది 80 వేల లోపే. మిగతాదంతా వడ్డీ. బ్యాంకు మోసం చేయడం లేదు. బాకీ పెద్దగా ఉన్నప్పుడు నెలనెలా దాని మీద పడే వడ్డీ కూడా పెద్దదే. కిస్తీలోంచి ముందు ఆ వడ్డీ పోతుంది, మిగిలిందే అసలుకు వెళ్తుంది.

ఆ ఏడాది చివర బోనస్‌లోంచి లక్ష రూపాయలు అప్పుకు కట్టారనుకోండి. ఆ లక్షలో వడ్డీ వాటా ఏమీ ఉండదు, మొత్తం అసలులోనే తగ్గుతుంది. ఏడాది పొడవునా కట్టిన కిస్తీలు తగ్గించిన దానికంటే ఈ ఒక్క చెల్లింపు ఎక్కువ తగ్గించింది. కిస్తీ మార్చకుండా అలాగే కడుతూ పోతే, 228 నెలలు మిగిలి ఉండాల్సిన అప్పు సుమారు 214 నెలలకే తీరుతుంది. పద్నాలుగు కిస్తీలు, అంటే సుమారు 4 లక్షల 78 వేలు కట్టే పని తప్పింది. లక్ష తీసేస్తే మిగిలిన 3 లక్షల 78 వేలూ వడ్డీయే. అదే లక్షను పదిహేనో ఏడాది చివర కడితే తగ్గేది నాలుగు కిస్తీలు, కాస్త పైన. అందుకే బోనస్ బలమంతా మొదటి ఏళ్లలోనే ఉంటుంది.

ఏటా లక్ష చొప్పున కడుతూ పోతే? ఐదు బోనస్‌లు కట్టేసరికి 20 ఏళ్ల గడువు 15 ఏళ్ల 9 నెలలకు దిగుతుంది. ఆ తర్వాతి ఏళ్లలోనూ ఆపకపోతే 13 ఏళ్లకే అప్పు ముగుస్తుంది. చివరి ఏడాది బోనస్‌లో 21 వేలు చాలు. మొత్తం వడ్డీ 43 లక్షల పైచిలుకు నుంచి 26 లక్షల చిల్లరకు, అంటే దాదాపు 17 లక్షలు తగ్గుతుంది. వడ్డీ రేటు మారకపోతే అన్న షరతు ఈ లెక్కలన్నిటికీ ఉంది.

ఇంత లాభమూ చేజారే చోటు ఒకటుంది. పార్ట్ పేమెంట్ కట్టాక ఈఎంఐ తగ్గించుకోవాలా, గడువు తగ్గించుకోవాలా అని బ్యాంకు అడుగుతుంది. అడగకుండా ఈఎంఐ తగ్గించే చోట్లూ ఉన్నాయి. మొదటి ఏడాది కట్టిన లక్షకు ఈఎంఐ తగ్గేది నెలకు 885 రూపాయలు. గడువు మాత్రం కదలదు. మిగిలే వడ్డీ లక్ష రూపాయల చిల్లరే. అదే గడువు తగ్గించుకుంటే 3 లక్షల 78 వేలు. నా మాట అడిగితే, నెల ఖర్చులకు నిజంగా ఇబ్బంది ఉంటే తప్ప ఈఎంఐని ముట్టుకోవద్దు. డబ్బు కట్టేటప్పుడే గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

తర్వాత నెల స్టేట్‌మెంట్‌లో రెండు చూడాలి. అసలు బాకీ సరిగ్గా లక్ష అదనంగా తగ్గిందా, కొత్త చెల్లింపుల పట్టికలో ఆఖరి కిస్తీ తేదీ ముందుకు జరిగిందా. అసలు తగ్గకపోతే ఆ డబ్బును రాబోయే కిస్తీలకు అడ్వాన్స్‌గా పెట్టి ఉండవచ్చు. అప్పుడు దానివల్ల వడ్డీ తగ్గదు. వెంటనే అసలుకు జమ చేయించుకోవాలి.

జరిమానా భయం చాలామందిని ఆపుతుంది. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాలను ముందే తీర్చినందుకు బ్యాంకులు ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటయితే మాత్రం ఒప్పంద పత్రంలో ఆ షరతు చదువుకోవాలి.

బోనస్ మొత్తం చేతికి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి లక్షన్నర బోనస్‌లో సెస్సుతో కలిపి పన్ను పోగా వచ్చేది లక్షా మూడు వేలు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చాలి, దాని వడ్డీ ఇంటి అప్పు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నాలుగైదు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే అదీ పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే అప్పులో కట్టేసిన డబ్బు ఉద్యోగం పోయిన నెలలో మామూలుగా వెనక్కి రాదు. వీటన్నిటికీ పోను ఏటా 50 వేలే మిగిలినా, పై అప్పు 20 ఏళ్లకు కాక 15 ఏళ్ల 8 నెలలకు తీరిపోతుంది.