పోస్టర్‌పై క్యూఆర్ మార్చాక…

వినాయక చవితి పోస్టర్ పాతదే, కోశాధికారి మాత్రం మారారు. అంటే చందాల క్యూఆర్ కోడ్ ఒక్కటే మార్చాలి. చాలామంది కొత్త కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి, పాతదాని మీద అతికించేస్తారు. చిక్కంతా అక్కడే. ముందు పాత కోడ్‌ను తెల్లటి చతురస్రంతో పూర్తిగా కప్పేయాలి. యూపీఐ యాప్ నుంచి డౌన్‌లోడ్ చేసిన కొత్త కోడ్‌ను దానిపై పెట్టి, మూలను పట్టుకుని నిడివి, వెడల్పు సమానంగా పెంచాలి. చుట్టూ కనీసం 4 చిన్న గడుల మందం తెల్లటి అంచు వదలాలి. డిజైనర్లకు ఆ ఖాళీ కంటగింపే కానీ, కోడ్ ఎక్కడ మొదలైందో ఫోన్ పోల్చుకునేది దానితోనే. అందుకే పూలదండ అంచును తాకినా స్కాన్ కాకపోవచ్చు.

పరీక్ష ఎడిటింగ్ తెర మీద చేస్తే చాలదు. పోస్టర్‌ను వాట్సాప్‌లో పంపితే బొమ్మ నాణ్యత తగ్గి గడుల అంచులు అలుక్కుపోతాయి. అలా అందిన బొమ్మనే మరో ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఫ్లెక్సీకైతే నమూనా ప్రింటు తీయించండి. రెండు మీటర్ల దూరం నుంచి స్కాన్ కావాలంటే కోడ్ సుమారు 20 సెంటీమీటర్లు ఉండాలి.

స్కాన్ అయినంత మాత్రాన సరిపోదు, పాత కోడ్ కూడా స్కాన్ అవుతుంది! తెరపై కొత్త కోశాధికారి పేరే వచ్చిందా చూసి, ఒక్క రూపాయి పంపి, అందిందని ఆయనతో అనిపించుకున్నాకే అచ్చుకివ్వండి.