తొమ్మిది దాటాక పడిన వేలిముద్ర

‘మీరు తరచూ ఆలస్యంగా వస్తున్నారు’ అని రాసి సంతకం పెడితే హెచ్చరిక లేఖ అయిపోదు. ‘తరచూ’ అంటే ఎన్నిసార్లని ఉద్యోగి అడిగితే జవాబుండదు. 1946 నాటి నమూనా స్టాండింగ్ ఆర్డర్లు కూడా అలవాటుగా ఆలస్యం కావడాన్నే దుష్ప్రవర్తన అన్నాయి. ఒకరోజు బస్సు తప్పడం ఆ లెక్కలోకి రాదు. అలవాటని చూపాలంటే తేదీలు కావాలి.

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఉదయం 9 గంటల షిఫ్టు అనుకుందాం. పది నిమిషాల వెసులుబాటు ఉంది. ఒక ఉద్యోగి జూన్ 3న 9.25కి, 7న 9.40కి, 12న 9.31కి, 18న 9.50కి వచ్చాడు. లేఖలో ఈ నాలుగు వరుసలూ హాజరు యంత్రంలో ఉన్నట్టే రాయాలి. 8న సూపర్‌వైజర్ నోటిమాటగా చెప్పిన సంగతీ చేర్చాలి. ‘బాధ్యత లేని మనిషి’ లాంటి మాట ఒక్కటి దొర్లినా లేఖ కోపతాపాల కాగితమవుతుంది.

లేఖకు ముందే కారణం అడగాలి. తల్లికి డయాలసిస్ ఉందని చెబితే షిఫ్టు మార్చడం కుదురుతుందేమో చూడాలి. చూశామని లేఖలో రాయాలి. రోజూ అంతే ఆలస్యంగా వచ్చే పక్క ఉద్యోగిని వదిలేసి ఇతనికే ఇస్తే అది కక్షే.

చివరగా వివరణకు ఏడు రోజుల గడువు, మళ్లీ జరిగితే తీసుకునే చర్య. ప్రతిపై అందినట్టు సంతకం తీసుకోవాలి. అది తప్పు ఒప్పుకోలు కాదని అక్కడే రాస్తే చాలామంది పెడతారు. పెట్టనంటే ఇద్దరు సాక్షులతో ఆ సంగతి నమోదు చేసి, లేఖను ఇంటికి స్పీడ్ పోస్టులో పంపాలి.