ట్రాక్టర్ అద్దెకిస్తున్నారా? ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి, ప్రమాదం జరిగితే ఎవరు చెల్లించాలి

సబ్సిడీతోనో, బ్యాంకు రుణంతోనో ట్రాక్టర్ తీసుకున్న రైతులు, కస్టమ్ హైరింగ్ గ్రూపుల సభ్యులు, సీజన్‌కు ట్రాక్టర్ అద్దెకు తీసుకునే రైతులు, మేస్త్రీలు చదవాల్సిన సమాచారం ఇది. సొంత పొలం పనికి వాడుకుంటే పెద్దగా చిక్కు లేదు. బండి మన చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడే అసలు ప్రశ్న వస్తుంది. ఇన్సూరెన్స్ ఎవరి బాధ్యత? ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరి జేబులోంచి పోతుంది?

ముందుగా సూటిగా జవాబు: పాలసీ తీసుకోవాల్సింది ఆర్సీలో పేరున్న యజమాని. పాలసీ ఉందో లేదో చూసుకోవాల్సింది బండి వాడేవారు. పాలసీ ఉన్నా సరే, ట్రాలీలో ఎక్కిన కూలీలకు అది వర్తిస్తుందని ఇద్దరిలో ఎవరూ అనుకోవద్దు.

చట్టం ఇద్దరినీ అడుగుతుంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డు మీద బండి వాడకూడదు, ఇంకొకరిని వాడనివ్వకూడదు. అంటే నడిపినవారిదే కాదు, తాళం ఇచ్చినవారిదీ తప్పే. సెక్షన్ 196 కింద మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు.

"బండి నా దగ్గర లేదు, నెల రోజులుగా మేస్త్రి దగ్గరే ఉంది" అనే మాట జరిమానా దగ్గరే కాదు, పరిహారం కేసులో కూడా మిమ్మల్ని గట్టెక్కించదు. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో బండి అమ్మేశారు, చేతులు కూడా మారింది. అయినా ఆర్సీలో పేరు మారలేదు కాబట్టి పాత యజమానే బాధ్యుడయ్యాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. లీజు ఒప్పందం కింద బండిని తన దగ్గర ఉంచుకున్న వ్యక్తిని చట్టం యజమానిగానే చూస్తుంది. అందుకే అలాంటి లీజును రవాణా శాఖ ఆఫీసులో ఆర్సీ మీద నమోదు చేయించుకునే ఏర్పాటు సెక్షన్ 51లో ఉంది. మన ఊళ్లలో నోటి మాట మీదో, స్టాంపు కాగితం మీదో జరిగే సీజన్ అద్దె ఆర్సీ దాకా వెళ్లదు. అలాంటప్పుడు కేసులో యజమానినీ, అద్దెకు తీసుకున్నవారినీ ఇద్దరినీ చేరుస్తారు.

రుణం ఇచ్చిన బ్యాంకు సంగతేంటని చాలామంది అడుగుతుంటారు. ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నా, బండి బ్యాంకు చేతిలో లేదు కాబట్టి ప్రమాద పరిహారం బ్యాంకు మీద పడదు. 2008లో గోదావరి ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. గ్రూపు ట్రాక్టర్ అయితే ఇంకో సంగతి గమనించండి. ఆర్సీ కన్వీనర్ ఒక్కరి పేరు మీదే ఉంటే, పరిహారం కేసు కూడా ఆయన పేరు మీదే వస్తుంది.

అద్దెకిస్తే పాలసీ చెల్లదా?

అద్దెకిచ్చారన్న ఒక్క కారణంతో థర్డ్ పార్టీ పాలసీ చచ్చిపోదు. ఇన్సూరెన్స్ బండితోపాటే వెళ్తుంది. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ ఒక ప్రైవేటు బస్సును అద్దెకు తీసుకుని నడిపినప్పుడు ప్రమాదం జరిగింది. బండి ఆర్టీసీ చేతిలో ఉంది కాబట్టి మాకు సంబంధం లేదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తే, 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అయితే ఆ బస్సుకు పర్మిట్ ఉంది, పాలసీ కూడా ఆ పనికి తగినదే. మన ట్రాక్టర్ దగ్గర తేడా అక్కడే వస్తుంది. వ్యవసాయ ట్రాక్టర్ పాలసీలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని ఒక పేరా ఉంటుంది. ఏ పనికి వాడితే పాలసీ వర్తిస్తుందో అక్కడ రాసి ఉంటుంది, మామూలుగా వ్యవసాయ పనులకు అని. కిరాయికి తిప్పే పర్మిట్ లేని బండిని కిరాయికి వాడినా, లైసెన్సు లేనివారు నడిపినా కంపెనీ తన బాధ్యత కాదని వాదించడానికి సెక్షన్ 150 అవకాశం ఇస్తుంది. పక్క రైతు పొలం దున్నడం వేరు, ఇటుకలు, ఇసుక తోలడం వేరు.

ఒక ఉదాహరణ లెక్కతో చూద్దాం

మిర్చి కోతల సీజన్. ఒక రైతు తన ట్రాక్టర్‌నూ, ట్రాలీనీ నెల అద్దెకు ఒక మేస్త్రికి ఇచ్చాడు. పాలసీ అమల్లో ఉంది, వ్యవసాయ పనులకు తీసుకున్నది. డ్రైవర్‌ను మేస్త్రి పెట్టుకున్నాడు. ఉదయం 14 మంది కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని పొలానికి వెళ్తుండగా మలుపులో ఎదురొచ్చిన బైక్‌ను ఢీకొట్టి ట్రాలీ బోల్తా పడింది. బైక్ మీద ఉన్న వ్యక్తి, ట్రాలీలోని 35 ఏళ్ల కూలీ మహిళ చనిపోయారు. డ్రైవర్‌ కాలు విరిగింది.

బైక్ మీద ఉన్న వ్యక్తి అసలైన థర్డ్ పార్టీ. పాలసీ ఉన్నది ఇలాంటివారి కోసమే. ఆయన కుటుంబానికి కంపెనీ చెల్లిస్తుంది. డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేకపోతే, ముందు మీరే చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండని కోర్టు కంపెనీకి చెప్పవచ్చు. బాధిత కుటుంబానికి డబ్బు అందుతుంది, భారం మాత్రం తిరిగి యజమాని మీదికే వస్తుంది.

కూలీ మహిళ విషయం వేరు. ట్రాక్టర్‌కు ఉన్నది డ్రైవర్ సీటు ఒక్కటే. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. కాబట్టి ట్రాలీలో ప్రయాణించేవారికి మా పాలసీ వర్తించదని కంపెనీ అంటుంది. సరుకు బండ్లలో ఎక్కిన ప్రయాణికుల విషయంలో 2002 నాటి ఆశారాణి తీర్పు నుంచి కోర్టులు ఎక్కువగా ఈ వాదన వైపే ఉన్నాయి.

మరి పరిహారం ఎంత? ఆమె నెల ఆదాయం 12,000 రూపాయలని ట్రిబ్యునల్ తీసుకుందనుకుందాం. వయసు 40 లోపు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 16,800 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు ఉంటే ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 12,600 మిగులుతుంది. ఏడాదికి 1,51,200. 35 ఏళ్ల వయసుకు 16తో గుణిస్తారు. మొత్తం 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబం కోల్పోయిన తోడు, వడ్డీ దీనికి అదనం.

కంపెనీ బాధ్యత లేదని తేలితే ఈ మొత్తం ట్రాక్టర్ యజమాని, మేస్త్రి కట్టాలి. కట్టకపోతే ట్రిబ్యునల్ కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపుతుంది. అప్పుడు భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. అంటే పొలం మీదికి రావచ్చు. నెల అద్దె కోసం ఇచ్చిన బండి పొలం దాకా తెచ్చిన కథ ఇది.

డ్రైవర్ సంగతి కూడా చూడండి. యజమాని పెట్టుకున్న జీతం డ్రైవర్‌కు పాలసీలో కొంత రక్షణ ఉంటుంది. ఈ డ్రైవర్‌ను పెట్టింది మేస్త్రి. మా పాలసీదారు ఉద్యోగి కాదు కదా అని కంపెనీ అడ్డు చెప్పవచ్చు. పాలసీతో పాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరుండి, లైసెన్సు ఉన్న యజమాని కోసం. అద్దెకు తీసుకున్నవారు స్వయంగా నడిపి దెబ్బ తగిలించుకుంటే, ఆ 15 లక్షలు తమకూ వస్తాయని లెక్క వేసుకోకూడదు.

ఇచ్చే ముందు, తీసుకునే ముందు

యజమాని పాలసీ తీసి మూడు చోట్ల చూడాలి. చివరి తేదీ ఎప్పుడు? వాడకం పరిమితుల పేరాలో ఏం రాసి ఉంది? ట్రాలీ నంబర్ కూడా ఉందా? ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, విడిగా ప్రీమియం ఉంటుంది. ఇంజిన్‌కు మాత్రమే కట్టి ట్రాలీని వదిలేస్తే, ప్రమాదం రోజున కంపెనీకి వాదన దొరికినట్టే. కిరాయి సరుకు తోలే ఉద్దేశం ఉంటే ముందే రవాణా శాఖ ఆఫీసులో పర్మిట్ గురించి, కంపెనీలో దానికి తగ్గ పాలసీ గురించి అడగండి. సరుకు ఎక్కించి దించే కూలీలకు అదనపు ప్రీమియంతో కవర్ చేర్చుకునే వీలుంది. అది ఆ పని మీద ఉన్నవారికే గానీ, పొలానికి తీసుకెళ్లే కోత కూలీలకు కాదు.

తీసుకునేవారు పాలసీ, ఆర్సీ ఫోటో తీసుకుని, ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ తేదీ సరిచూసుకోండి. సీజన్ మధ్యలో పాలసీ అయిపోతుంటే రెన్యువల్ డబ్బు ఎవరు కడతారో అప్పుడే తేల్చుకోండి.

ఒప్పంద కాగితంలో నాలుగు మాటలు ఉండాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పనికి, డ్రైవర్ ఎవరు, అతని లైసెన్సు నంబర్ ఎంత. మనుషులను ట్రాలీలో ఎక్కించకూడదని స్పష్టంగా రాయండి. "ప్రమాదం జరిగితే మొత్తం బాధ్యత మేస్త్రిదే" అని రాసుకున్నా అది మీ ఇద్దరి మధ్య మాత్రమే చెల్లుతుంది. బాధిత కుటుంబం మిమ్మల్ని అడగకుండా అది ఆపలేదు. మీరు కట్టాక మేస్త్రి దగ్గర వసూలు చేసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

కూలీలను పొలానికి చేర్చడానికి ప్రయాణికుల పర్మిట్ ఉన్న ఆటో మాట్లాడండి, సీట్లకు మించి ఎక్కించకండి. దీంతోపాటు కూలీలు, డ్రైవర్లు తమ బ్యాంకు ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. ఎవరి బండి, ఎవరి తప్పు అన్న పేచీ దీనికి లేదు. ఏటా జూన్ 1కి ముందు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి.

ప్రమాదం జరిగితే

గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చి పోలీసులకు చెప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి యజమానే వెంటనే తెలపాలి, బండి మేస్త్రి దగ్గర ఉన్నా సరే. కోర్టు నోటీసు వస్తే పక్కన పడేయకండి. మీరు హాజరు కాకపోతే మీ లైసెన్సు, పర్మిట్, పాలసీ కాగితాలు మీ తరఫున చూపించేవారు ఉండరు.

క్లెయిమ్ విషయంలో కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే బీమా నియంత్రణ సంస్థ నంబర్ 155255కు ఫోన్ చేయవచ్చు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేని కుటుంబాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, నంబర్ 15100.