నోటి ‘టిక్’ పోవాలి.. మాట మిగలాలి!

రెండేళ్ల కిందట ఓ ఆడియోబుక్ సంస్థకి నాలుగు నిమిషాల శాంపిల్ పంపా. వాళ్లు అడిగిన లెక్కలన్నీ సరిచూసుకున్నాకే పంపా. సగటు లెవెల్ సరిపోయింది. పీక్ మైనస్ 3 డెసిబెల్స్ దాటలేదు. గది శబ్దం మైనస్ 60 కంటే కిందే ఉంది. అయినా వారం తర్వాత ఒక్క లైన్‌లో జవాబొచ్చింది: ‘నోటి శబ్దాలు ఎక్కువగా ఉన్నాయి’.

ల్యాప్‌టాప్ స్పీకర్లో విన్నప్పుడు నాకేమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నా. వాక్యం మొదట్లో పెదాలు విడిపడే ‘చప్’, మాటల మధ్యలో ‘టిక్ టిక్’, పేరా మారినప్పుడల్లా పెద్ద ఊపిరి! మీటర్ ఎందుకు పట్టుకోలేదంటే, ఒక్కో టిక్ ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. సగటు లెవెల్‌లో దాని వాటా దాదాపు శూన్యం. చెవి మాత్రం వెంటనే పట్టేస్తుంది. నెరేషన్, పాడ్‌కాస్ట్, ఈ-లెర్నింగ్ వాయిస్ పనులకి శాంపిల్ పంపాలనుకునేవారు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. లెక్కలు పాసైనంత మాత్రాన ఆడియో పాసైనట్టు కాదు.

ఎక్కడి నుంచి వస్తాయి?

నోరు ఆరినప్పుడు లాలాజలం చిక్కబడి జిగురులా మారుతుంది. నాలుక అంగిలి నుంచి విడిపడేటప్పుడు ఆ జిగురు తెగి ‘టిక్’ అంటుంది. మామూలు సంభాషణలో అది ఎదుటివారికి చేరదు. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే తప్పించుకోలేదు. పైగా తర్వాత వేసే కంప్రెసర్ పెద్ద శబ్దాలను అణిచి, మొత్తాన్ని పైకి లేపుతుంది. అలా 6 డెసిబెల్స్ లేపితే మాటల మధ్య ఉన్న టిక్కులు, ఊపిరి కూడా అంతే పైకి లేస్తాయి. అందుకే శుభ్రం చేయడం ముందు, కంప్రెసర్ తర్వాత. నేను చేసిన తప్పు ఇక్కడే. కంప్రెసర్ వేసేశాక టిక్కుల కోసం వెతికా.

కంటితో పట్టుకోండి

ఉచితంగా దొరికే Audacityతో మొదలుపెట్టొచ్చు. ట్రాక్ మెనూలో Spectrogram ఎంచుకోండి. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ కనిపిస్తాయి. అచ్చులు అడ్డం చారల్లా ఉంటాయి. టిక్ మాత్రం సన్నని నిలువు గీతలా నిలబడుతుంది. చెవికి అనుమానం వచ్చిన చోట Ctrl+1తో జూమ్ చేస్తే గీత దొరికిపోతుంది.

నా శాంపిల్‌లో ‘అమ్మమ్మ పక్కనే కూర్చుని’ అనే చిన్న ముక్కలోనే మూడు రకాలు కనిపించాయి. మూడింటికీ మందు వేరు.

మొదటిది ‘అమ్మమ్మ’కి ముందున్న ఖాళీలో వచ్చిన పెదాల చప్పుడు. ఇది తేలిక. రికార్డింగ్ మొదట్లో ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకోండి. చప్పుడు ఉన్నంత మేర సెలెక్ట్ చేసి, సరిగ్గా అంతే పొడవున్న గది నిశ్శబ్దాన్ని దాని మీద పేస్ట్ చేయండి. Silence కమాండ్ వాడొద్దు. అది శబ్దాన్ని పూర్తిగా సున్నా చేస్తుంది. గది గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయి, వినేవారికి లైన్ కట్ అయినట్టు అనిపిస్తుంది.

రెండోది ‘కూ’ అనే దీర్ఘం మధ్యలో పడిన టిక్. ఇక్కడ పేస్ట్ చేస్తే మాట తెగుతుంది. శాంపిల్స్ చుక్కలుగా కనిపించేంత జూమ్ చేసి, టిక్ వరకే సెలెక్ట్ చేసి Repair నొక్కాలి. చుట్టూ ఉన్న తరంగాన్ని చూసి మధ్య భాగాన్ని అది పూరిస్తుంది. కాకపోతే దాని హద్దు 128 శాంపిల్స్. 44,100 హెర్ట్జ్ రికార్డింగ్‌లో అంటే 3 మిల్లీసెకన్లలోపే. అంతకంటే పొడవైన చప్పుడు అచ్చు మీద పడితే కుస్తీ పట్టకుండా ఆ వాక్యం మళ్లీ చదివేయడమే మేలు.

మూడోది ‘పక్కనే’లో కనిపించిన నిలువు గీత. దాన్ని కూడా టిక్ అనుకుని తీసేశా. వింటే మాట ‘పహనే’లా మెత్తబడిపోయింది! ఎందుకంటే అది టిక్ కాదు, ‘క్క’ అక్షరమే. ఒత్తక్షరం పలికేటప్పుడు గాలి క్షణంపాటు ఆగి, తర్వాత ఒక్కసారిగా విడుదలవుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో అది ఖాళీ, ఆ తర్వాత గీతలా కనిపిస్తుంది. అచ్చం టిక్ లాగే. తెలుగులో అక్క, పట్టు, కొత్త లాంటి మాటలు అడుగడుగునా ఉంటాయి కాబట్టి మనకి ఈ ప్రమాదం ఎక్కువ. గీత వెనకాలే అచ్చు చారలు మొదలైతే అది అక్షరం అయ్యే అవకాశమే ఎక్కువ. అనుమానం ఉంటే అదే మాటని మరోచోట పలికిన ముక్కతో పోల్చండి. అక్కడా అదే స్థానంలో గీత ఉంటే ముట్టుకోవద్దు.

ఆటోమేటిక్ టూల్ వాడితే..

గంటల కొద్దీ ఆడియోకి చేత్తో పని అవ్వదు. Audacityకి De-Clicker ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనే iZotope RXలో Mouth De-click ఉంది. రెండూ పని చేస్తాయి. అయితే సెన్సిటివిటీ పెంచేకొద్దీ అక్షరాలనూ తినేస్తాయి.

ఎంత తిన్నాయో చూడటానికి ఇంజినీరింగ్ కాలేజీ చిట్కా ఒకటుంది. ట్రాక్‌ని డూప్లికేట్ చేసి, ఒకదానికి మాత్రమే ఎఫెక్ట్ వేయండి. రెండో దానికి Invert కొట్టి, రెండూ కలిపి ప్లే చేయండి. సమానంగా ఉన్నదంతా రద్దయిపోయి, టూల్ తీసేసింది మాత్రమే వినిపిస్తుంది. టిక్కులు మాత్రమే వినిపిస్తే సరే. అందులో త, ట, క ముక్కలు వినిపిస్తున్నాయంటే సెన్సిటివిటీ తగ్గించాల్సిందే.

ఊపిరి తీసేయొద్దు, తగ్గించండి

నా రెండో తప్పు ఊపిరిలన్నీ కత్తిరించేయడం. వింటే మనిషి చదువుతున్నట్టు లేదు, నాకే ఆయాసం వచ్చింది. వాక్యాల మధ్య విరామం ఎంతో చెప్పేది ఊపిరే. అందుకే దాన్ని సెలెక్ట్ చేసి Amplifyలో -10 ఇవ్వండి. తరంగం ఎత్తు మూడో వంతుకి దగ్గరగా తగ్గుతుంది. అంచులు ఊపిరికి ముందూ వెనకా నిశ్శబ్దంలో ఉండాలి. లేదంటే అక్కడే కొత్త టిక్ పుడుతుంది. సెలెక్ట్ చేశాక Z నొక్కితే అంచులు తరంగం సున్నా దాటే చోటికి జరుగుతాయి. తర్వాతి ఊపిరికి Ctrl+R చాలు, అదే ఎఫెక్ట్ మళ్లీ పడుతుంది. వాక్యం మధ్యలో అనవసరంగా తీసుకున్న ఊపిరి ఉంటే మాత్రం దాని మీద గది నిశ్శబ్దం పేస్ట్ చేయొచ్చు.

సగం పని మైకు ముందే

నాలుగు నిమిషాల ఆ శాంపిల్ శుభ్రం చేయడానికి నాకు గంటన్నర పట్టింది. మళ్లీ రికార్డు చేసినప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మార్చింది మూడే. మైకుని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి జరిపి, ఏటవాలుగా పెట్టా. నీళ్లు చదివే ముందు గుటక వేయడం కాదు, గంట ముందు నుంచే కొద్దికొద్దిగా తాగా. వాక్యానికి ముందు పెదాలు మూసుకోకుండా, కొద్దిగా తెరిచి ఊపిరి తీసుకుని మొదలుపెట్టా. పెదాలు అతుక్కోకపోతే ‘చప్’ అనడానికి ఏముంటుంది? నోరు మరీ జిగటగా ఉన్న రోజు చాలామంది నెరేటర్లు పుల్లటి గ్రీన్ యాపిల్ ముక్క కొరుకుతారు. నాకూ పనిచేసింది.

పంపే ముందు ఒక పరీక్ష: కంప్రెసర్, లెవెల్స్ అన్నీ అయ్యాక హెడ్‌ఫోన్స్‌లో, స్క్రీన్ చూడకుండా మొదటి నిమిషం వినండి. కళ్లు గీతల్ని వెతికితే చెవి మాటని వినదు. కథ మీద నుంచి మీ ధ్యాస ఎక్కడ పక్కకి మళ్లిందో రాసుకోండి. మళ్లీ సరిచేయాల్సింది ఆ చోట్లే. ధ్యాస మళ్లని చోట సన్నని గీత ఇంకా కనిపిస్తున్నా వదిలేయండి. రెండోసారి పంపిన నా శాంపిల్‌లో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. అయినా అది ఓకే అయింది.