జేకే ఫ్లిప్‌ఫ్లాప్: ఒక పల్స్‌కు ఒకే మార్పు

జేకే ఫ్లిప్‌ఫ్లాప్ ఒక్క బిట్‌ను, అంటే 0 లేదా 1ని, గుర్తుంచుకునే సర్క్యూట్. క్లాక్ వచ్చినప్పుడు జే మాత్రమే 1గా ఉంటే అవుట్‌పుట్ క్యూ 1 అవుతుంది, కే మాత్రమే 1గా ఉంటే 0 అవుతుంది. రెండూ 1 అయితే క్యూ విలువ తారుమారవుతుంది. కౌంటర్లకు కావలసింది ఈ చివరి గుణమే, చిక్కు వచ్చేదీ ఇక్కడే.

విలువ తారుమారు కావాలంటే ఇప్పుడున్నదేదో ఇన్‌పుట్‌కు తెలియాలి. అందుకే క్యూను, దాని వ్యతిరేక అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్ గేట్లకు తిప్పి కలుపుతారు. క్లాక్ 1గా ఉన్నంతసేపూ గేట్లు తెరిచి ఉండే లాచ్‌లో, మారిన క్యూ వెంటనే వెనక్కి వెళ్లి మరో మార్పు తెస్తుంది. అది ఇంకో మార్పు తెస్తుంది. దీన్నే రేస్ అరౌండ్ అంటారు.

ఒక మార్పుకు 21 నానోసెకన్లు పడుతుందనీ, క్లాక్ 500 నానోసెకన్లు 1గా ఉంటుందనీ అనుకుందాం. క్యూ 23 సార్లు మారుతుంది. 0తో మొదలైతే 1 దగ్గర ఆగుతుంది. చిప్ కాస్త వేడెక్కి ఆ ఆలస్యం 22 నానోసెకన్లు అయితే మార్పులు 22, ఫలితం 0. ఒక్క నానోసెకను తేడాతో జవాబే మారిపోయింది. ఆసిలోస్కోప్‌లో చూస్తే ఒక క్లాక్ పల్స్ కింద క్యూ గుంపుగా ఊగుతూ కనిపిస్తుంది. పల్స్‌ను 21 నానోసెకన్లకు లోపే ముగించవచ్చు కానీ, ప్రతి చిప్‌కూ ఆలస్యం వేరు కనుక ఆ మార్గాన్ని నమ్ముకోలేం.

మాస్టర్-స్లేవ్ పద్ధతిలో రెండు లాచ్‌లు వరుసగా ఉంటాయి. క్లాక్ 1గా ఉన్నప్పుడు మాస్టర్ మాత్రమే ఇన్‌పుట్‌ను తీసుకుంటుంది. స్లేవ్‌కు తలకిందులైన క్లాక్ అందుతుంది కనుక అది కదలదు. క్లాక్ 0కు పడగానే మాస్టర్ మూసుకుంటుంది, స్లేవ్ దాని విలువను బయటికి ఇస్తుంది. వెనక్కి వెళ్లే తీగ స్లేవ్ నుంచే వస్తుంది కనుక కొత్త విలువ వెనక్కి చేరేసరికి మాస్టర్ తలుపు మూసే ఉంటుంది.

అయినా ఒక లోపం మిగిలింది. క్యూ 0గా ఉన్నప్పుడు కే గేటు మూసి ఉంటుంది. అప్పుడు క్లాక్ 1గా ఉన్న సమయంలో జే మీద క్షణకాలం పొరపాటున 1 మెరిసినా మాస్టర్ దాన్ని పట్టేస్తుంది. జే మళ్లీ 0కు వచ్చినా మాస్టర్‌ను వెనక్కి తెచ్చే దారి లేదు. దీనికి ‘వన్స్ క్యాచింగ్’ అని పేరు. అందుకే ఇలాంటి చిప్‌లో క్లాక్ 1గా ఉన్నంతసేపూ జే, కేలను కదపకూడదు.

ఎడ్జ్ ట్రిగ్గరింగ్ ఈ లోపాన్నీ తీరుస్తుంది. క్లాక్ మారే ఆ అంచు దగ్గర ఉన్న విలువలే లెక్క. అంచుకు కాస్త ముందు నుంచి ఇన్‌పుట్ నిలకడగా ఉంటే చాలు. ఆ వ్యవధిని సెటప్ టైమ్ అంటారు. అంచు దాటాక కూడా కొన్ని చిప్‌లు కొంతసేపు ఆ నిలకడ కోరతాయి, అది హోల్డ్ టైమ్.

పాత 7476 చిప్ మాస్టర్-స్లేవ్ రకం, తర్వాతి 74LS76A అంచుకు స్పందించేది. నంబర్లు దగ్గరగా ఉన్నా పనితీరు వేరు కనుక, ఒకదాని బదులు మరొకటి పెట్టేముందు డేటాషీట్ చూసుకోవాలి.