దాల్చినచెక్క నీళ్లు: షుగరు సరే, లివరు సంగతి?

* పచారీ కొట్టులో దాల్చినచెక్క అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది కేసియా. మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉంటుంది. అసలు సిలోన్ దాల్చిన వేరు. కాగితంలాంటి పల్చని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నలిపితే విరిగిపోతుంది. పొడి కొట్టాక మాత్రం కంటితో చూసి పోల్చుకోలేం.

* ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, కేసియాలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. సగటున గ్రాము పొడికి 3 మిల్లీగ్రాములు. సిలోన్ రకంలో అది నామమాత్రమే. కౌమరిన్‌ను విడిగా ఆహారంలో కలపడాన్ని అమెరికా 1954లోనే నిషేధించింది.

* రోజూ జీవితాంతం తీసుకున్నా ఫరవాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పిన హద్దు, శరీర బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల కేసియా పొడి. ఒక టీస్పూను పొడి దాదాపు రెండున్నర గ్రాములు తూగుతుంది కాబట్టి, రోజూ పరగడుపున చెంచాడు పొడి నీళ్లలో కలిపి తాగితే హద్దు దాటినట్టే. 45 కిలోల బామ్మగారికైతే ఒకటిన్నర గ్రాములతోనే సరి. ఎప్పుడో తిన్న బిర్యానీలోని ముక్కతో భయం లేదు.

* చాలామంది లివరు కౌమరిన్‌ను హాని లేని రూపంలోకి మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొందరికి మాత్రం ఇది పడదు, లివరు వాస్తుంది. ఆ కొందరు ఎవరో ముందుగా చెప్పలేం. మానేస్తే సాధారణంగా తగ్గుతుంది.

* 2015లో అమెరికా వైద్యులు ఒక కేసు ప్రచురించారు. కొలెస్టరాల్‌కు స్టాటిన్ మాత్రలు ఎక్కువ డోసులో వాడుతున్న 73 ఏళ్ల మహిళ దాల్చిన మాత్రలు మొదలుపెట్టిన వారానికే కడుపునొప్పి, వాంతులతో ఆసుపత్రికి వచ్చింది. పరీక్షల్లో లివరు వాపు తేలింది. మన షుగరు రోగుల్లోనూ ఎందరో స్టాటిన్ వాడుతున్నవారే.

* ఇంతకీ షుగరు తగ్గుతుందా? 2003లో పాకిస్తాన్‌లో 60 మందిపై జరిగిన పరిశీలనలో పరగడుపు షుగరు బాగా తగ్గింది. దాల్చినకు పేరొచ్చింది అక్కడే. తర్వాత పది పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, 2012లో, దాల్చిన పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

* తాగుతూ ఉంటే ఆకలి మందగించడం, వికారం, ఒంటి దురద, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం గమనించుకోవాలి. ఇందులో ఏది కనిపించినా ఆపేసి, డాక్టరుకు ఈ నీళ్ల సంగతి చెప్పి లివరు పరీక్ష చేయించుకోవాలి. ముందే లివరు జబ్బున్నవారు మొదలుపెట్టకపోవడమే మంచిది. షుగరు మందులు మాత్రం సొంతంగా తగ్గించుకోకూడదు.