చినుకు వెనక దీపం ఉండాలి

వాన పడుతుండగా బాల్కనీలోంచి తీసిన ఫొటో ఒకటి మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది. పై సగం తెల్లటి ఆకాశం, కింది సగం వెలిసిపోయిన మేడలు, చెట్లు. ధారగా కురుస్తున్న వాన మాత్రం వెతికినా కనిపించదు. ఫోన్ పాతదైపోయిందనుకుంటాం. కొత్త ఫోన్‌తో, అదే బాల్కనీలోంచి, అదే వేళకు తీసి చూడండి, మళ్లీ అదే బూడిదరంగు వస్తుంది.

మబ్బు పట్టిన రోజున వెలుగు ఒక దిక్కు నుంచి రాదు. ఆకాశం మొత్తం సమానంగా వెలుగుతుంది కాబట్టి దేనికీ నీడ పడదు. నీడ లేకపోతే గోడకు గరుకుదనం, ముఖానికి ఎత్తుపల్లాలు ఫొటోలో తెలియవు. పైగా మీకూ ఎదుటి మేడకూ మధ్య పడుతున్న చినుకులు ఆ తెల్లటి వెలుగును అటూ ఇటూ చెదరగొట్టి, దూరంగా ఉన్న నల్లటి వస్తువుల మీద పల్చటి తెర కప్పుతాయి. ఇక ఫోన్ తన వంతు సాయం చేస్తుంది. ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకు వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తాయి. చీకటిగా ఉన్నచోట వెలుగు పెంచుతాయి, మెరిసేచోట తగ్గిస్తాయి. ఎండలో ఇది మేలే. వానలో మిగిలి ఉన్న కాస్త నలుపూ కాస్త మెరుపూ కూడా దీనితో పోతాయి. ఫ్రేముకూ ఫ్రేముకూ చోటు మార్చే చినుకుల్నయితే చాలాసార్లు అక్కర్లేని మచ్చలుగా లెక్కగట్టి తీసేస్తాయి కూడా. నైట్ మోడ్‌లో వాన బొత్తిగా మాయం కావడానికి కారణం ఇదే.

వాన కనిపించాలంటే రెండు కావాలి. చినుకు వెనక వైపు ఒక దీపం, ఆ చినుకు పడే దారికి వెనక ఒక చీకటి జాగా. చినుకు గాజుపూస లాంటిది. తన మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని ముందుకే పంపుతుంది, వెనక్కి తిప్పేది కొద్దిగానే. అందుకే మన వీపు వైపు వీధిదీపం ఉంటే వాన కనిపించదు. అదే దీపం మనకు ఎదురుగా, చినుకులకు అవతల ఉంటే ఒక్కో చినుకూ వెండి గీతలా మెరుస్తుంది. బైకు హెడ్‌లైటు ముందు వాన అంత దట్టంగా ఎందుకు కనిపిస్తుందో ఎప్పుడైనా గమనించారా? దీపం చుట్టూ నాలుగడుగుల మేర తప్ప మిగతా రోడ్డు మీద వానే లేనట్టుంటుంది. వాన అంతటా ఒక్కలాగే పడుతోంది, వెలుగే అక్కడ ఉంది.

దీన్ని పూర్తిగా పాటించి చూడడానికి బజ్జీల బండిని మించిన చోటు లేదు. జూలైలో హైదరాబాద్‌లో సూర్యుడు 6.50 దాటాక అస్తమిస్తాడు. ఆ తరువాత ఓ పావుగంట, ఇరవై నిమిషాల పాటు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. బండి మీద పసుప్పచ్చ బల్బు వెలుగుతుంటుంది, పైన టార్పాలిన్, నూనె మూకుడులోంచి ఆవిరి. మనం రోడ్డుకు ఇవతల, మూసిన దుకాణం సన్‌షేడ్ కింద నిలబడదాం. మధ్యన ఎనిమిది, పది మీటర్ల దూరం ఉంటే చాలు. మరీ దూరం పోతే ఇందాక చెప్పిన తెల్లతెర మళ్లీ వచ్చి పడుతుంది. మరీ దగ్గరగా వెళ్తే మధ్యలో వాన చాలదు. ఫోన్‌లో 2x లెన్స్ ఉంటే అది పెట్టండి. మామూలు వైడ్ లెన్స్‌తో బండి దగ్గరగా కనిపించాలంటే రోడ్డు దాటి పోవాలి, అప్పుడు మధ్యనున్న వానా తగ్గుతుంది, మనమూ తడుస్తాం.

ఇప్పుడు పక్కకు ఓ రెండడుగులు జరగండి. బల్బు ఫ్రేములో ఓ మూలకు రావాలి, లేదా బజ్జీలు వేసే మనిషి భుజం వెనక సగం దాక్కోవాలి. బల్బు పక్కనే చీకటి గోడో, మూసిన షట్టరో, చింతచెట్టు మొదలో వచ్చేలా చూసుకోవాలి. వాన గీతలు కనిపించేది ఆ నల్లటి భాగంలోనే. ఈ రెండడుగుల జరుగుడుకే నేను ఎక్కువ సమయం కేటాయిస్తాను. సెట్టింగులన్నీ దీని తరువాతే. ఆకాశాన్ని పూర్తిగా కోసేయండి, టార్పాలిన్ పైన కాస్త నీలం మిగిలితే చాలు.

ఆటో మోడ్‌లోనే తీయొచ్చు. బండి అంచు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు అక్కడ ఆగిపోతాయి. ఇది చేయకపోతే ఫోన్ మన ముక్కు ముందు పడే చినుకు మీద ఫోకస్ పెట్టి బండిని మసక చేస్తుంది. తరువాత తెర మీద వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి లాగండి. ఎంతవరకు? బల్బు చుట్టూ తెల్లగా అలికేసినట్టున్న ముద్ద తగ్గి, చీకటి గోడ నిజంగా నల్లబడేదాకా. చీకటిని చూసి ఫోన్ తానే వెలుగు పెంచేస్తుంది కాబట్టి, మనం కావాలని తగ్గించాలి. ఫ్లాష్ మాత్రం ఆపేయండి. అది మనవైపు నుంచి పడే వెలుగు, దగ్గరి చినుకుల్ని తెల్లటి బిళ్లలుగా మార్చడం తప్ప దాని వల్ల ఇంకేమీ కాదు.

ప్రో మోడ్ ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, వాన ఎంత పొడుగ్గా కనిపించాలో నిర్ణయించుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. షటర్ 1/60 దగ్గర పెడితే, అది తెరుచుకుని ఉన్నంతలో చినుకు పది సెంటీమీటర్ల పైచిలుకు దూరం జారుతుంది, అంటే ఫొటోలో అర జానెడు గీత. 1/1000 పెడితే అరంగుళం కూడా కదలదు, గీతలకు బదులు చుక్కలు వస్తాయి. అవి చూసేవాళ్లకు వానలా కాక లెన్స్ మీద దుమ్ములా కనిపిస్తాయి. ఒక సెకను పెడితే గీత సాగి సాగి ఆనవాలు లేకుండా పోతుంది. నా మట్టుకు 1/60కీ 1/125కీ మధ్యే వాన వానలా ఉంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకుంటే ఆ వేగానికి చేతి వణుకు కనిపించదు. WB ని ఆటోలో వదిలేస్తే ఫోన్ బల్బు పసుపును తెలుపు చేయబోయి చల్లార్చేస్తుంది. 4500 దగ్గర నిలిపితే బల్బు పచ్చగా, ఆకాశం నీలంగా రెండూ ఉంటాయి. బూడిదరంగును విరిచేది ఆ జంటే.

తీసేముందు “అన్నా, ఒక ఫొటో తీసుకోనా?” అని అడగడం, తరువాత ఓ ప్లేటు మిర్చిబజ్జీ కొనడం మర్యాద. వానాకాలంలో మర్యాద కూడా రుచిగానే ఉంటుంది.

పగటి వానకు ఈ దీపం దొరకదు. అప్పుడు ఆకాశాన్ని తీసేసి కిందికి చూడడమే దారి. తడిసిన మట్టి, సిమెంటు, చెట్టుబెరడు ముదురు రంగులోకి మారతాయి. సందుల్లో నీళ్లు నిండి వెలుగు తిరిగిరాకుండా లోపలే ఇంకిపోవడం దీనికి కారణం. అలా నల్లబడిన రోడ్డు మీద ఒక్క ఎర్ర గొడుగో, పచ్చటి ఆటోనో ఉన్నా చాలు. గుంటలో నిలిచిన నీళ్లలో ప్రతిబింబం కావాలంటే ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్స్ నీటికి బెత్తెడు ఎత్తులో ఉండేలా పట్టుకోవాలి. నిలబడి తీస్తే ఆ నీళ్లలో ఆకాశమే కనిపిస్తుంది. లేదంటే వానను వదిలేసి తడిసినవాళ్లను తీయొచ్చు. న్యూజిలాండ్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ బ్రేక్ మన ఋతుపవనాల మీద తీసిన చిత్రాలు 1961లో లైఫ్ పత్రికలో వచ్చాయి. వాటిలో అందరికీ గుర్తుండిపోయింది వాన చుక్కల కింద కళ్లు మూసుకున్న ఒక అమ్మాయి ముఖం. ఆ అమ్మాయి తరువాతి కాలపు దర్శకురాలు అపర్ణాసేన్. తమాషా ఏమిటంటే ఆ రోజు వానే లేదు, మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో పోయించారు. ఫొటోలో ఆకాశం లేదు, దూరపు దృశ్యం లేదు, ముఖమూ నీటిచుక్కలే. అయినా అరవై ఏళ్లు దాటాక కూడా దాన్ని వాన ఫొటో అనే అంటున్నాం.

ఇక ఫోన్ తడవకుండా చూసుకోవడం. చూరు కిందో, బస్టాపులోనో నిలబడితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం గాలి. గాలి వీపు మీద పడేలా నిలబడండి. ఎదురుగాలిలో గొడుగున్నా తుంపర లెన్స్ మీదికే వస్తుంది. ఫోన్ లెన్స్ వేలిగోరంతే కాబట్టి ఒక్క చుక్క పడినా ఫొటో పోయినట్టే. బల్బు చుట్టూ పొగలాంటి వలయం కనిపిస్తే అది వాన అందం కాదు, లెన్స్ మీది చుక్క. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ పొడిగా ఒక కవరులో పెట్టుకోండి. తడి చొక్కా అంచుతో తుడిస్తే చుక్క పోయి జిడ్డు చార వస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద పట్టే ఆవిరిని తుడవకండి, మళ్లీ పడుతుంది. ఫోన్ బయటి వేడికి వచ్చేదాకా పది నిమిషాలు జేబులో ఉంచండి.

జిప్‌లాక్ కవరులో పెట్టి తీయమని చాలామంది చెబుతారు. కవరు మంచిదే, నడిచేటప్పుడు. దానిలోంచి తీస్తే ప్లాస్టిక్ వెలుగును చెదరగొట్టి, మనం ఇంత కష్టపడి తెచ్చిన నలుపును మళ్లీ బూడిద చేస్తుంది. తప్పదనుకుంటే లెన్స్ దగ్గర గుండ్రంగా కత్తిరించి, ఆ అంచును టేపుతో ఫోన్‌కు అతికించండి. తెర మీద చుక్కలు పడితే ఫోన్ వాటిని వేళ్లనుకుని తనకు తోచింది నొక్కేస్తుంది. అప్పుడు వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి. ఉరుములు వినిపిస్తే మాత్రం చెట్టు కింద నిలబడకండి, ఫొటో సంగతి వదిలేసి పక్కా భవనంలోకి వెళ్లండి.

ఐపీ68 అని పెట్టె మీద ఉంది కదా, ఇదంతా ఎందుకంటారా? ఆ పరీక్ష కొత్త ఫోన్‌ను నిలిచిన మంచినీళ్లలో ముంచి చేసేది. లోపలి రబ్బరు సీళ్లు వాడకంలో, కింద పడినప్పుడు, వేడికి వదులవుతాయి. రెండేళ్ల ఫోన్‌కు ఆ అంకె హామీ కాదు. ఇంటికొచ్చాక ఫోన్‌ను పొడిగుడ్డతో తుడిచి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టి అరచేతి మీద మెల్లగా తట్టండి. ఫ్యాను గాలికి వదిలేయండి. ఆ రంధ్రం పూర్తిగా ఆరేదాకా చార్జర్ పెట్టొద్దు. తడిలో కరెంటు పారితే లోపలి లోహపు పిన్నులు తుప్పు పడతాయి. హెయిర్ డ్రయర్ వద్దు, దూది పుల్ల వద్దు, బియ్యం డబ్బా అసలే వద్దు. బియ్యపు పొడి వల్ల ఫోన్ దెబ్బతినొచ్చని యాపిల్ సంస్థే తన సలహాల్లో చెబుతోంది. నీళ్ల వల్ల పాడైన ఫోన్‌కు మామూలు వారంటీ సాధారణంగా వర్తించదు. చాలా ఫోన్ల లోపల నీరు తగిలితే ఎర్రగా మారే చిన్న స్టిక్కరు ఒకటి ఉంటుంది, సర్వీసు సెంటరులో దాన్ని చూసే లెక్క తేలుస్తారు.